పాత మెయిల్ మార్చి పంపడం: తప్పు కళ్ళదా, పద్ధతిదా?

బరంపురం బుల్లోడు:
పైపులు, మోటార్ల హోల్‌సేల్ షాపులో పని. పాత పార్టీకి పంపిన కొటేషన్ మెయిల్ తీసి, పేరు మార్చి కొత్త పార్టీకి పంపుతుంటాను. మొన్న ఇచ్ఛాపురం పార్టీకి వెళ్ళిన మెయిల్లో మూడో పేరాలో ‘పాత్రో బాబు’ అని ఉండిపోయింది. పంపే ముందు రెండుసార్లు చదివాను కూడా. చదవడం చాలదా, లేక పాత మెయిల్ వాడటమే తప్పా?

గుణుపురం మాస్టారు:
ముప్పయ్యేళ్ళు టైపు కొట్టినవాణ్ణి బాబూ. కార్బన్లు పెట్టి కొట్టేవాళ్ళం, ఒక్క పేరు తప్పితే నాలుగు కాపీలూ చింపాల్సిందే. ఆ భయం ఉంటే కళ్ళు వాటంతటవే పనిచేస్తాయి. మీరు చదవలేదు, కళ్ళు తిప్పారంతే.

జయపురం శీను:
Ctrl+F కొట్టి Patro వెతుకు. దొరక్కపోతే పంపెయ్. దీనికింత చర్చెందుకు?

పర్లాకిమిడి పాప:
నాదీ ఇదే బాధ. నాకొచ్చే ప్రతి మెయిల్లోనూ మా ఇంటిపేరు పెట్టే పిలుస్తారు. ఒడియావాళ్ళకి ఇంటిపేరు చివర, మనకి ముందు. మొదటి మాట పేరనుకుని కొట్టేస్తారు. ఎన్నిసార్లు చెప్పినా మారరు.

జయపురం శీను:
అమ్మా, అది వేరే రోగం 😀

రాయగడ లెక్కలు:
మాస్టారూ, ఆయన చదివే ఉంటాడు. ఆ మెయిల్ రోజుకి పదిసార్లు పంపేవాడికి అది కంఠతా వచ్చేస్తుంది. కంఠతా వచ్చినదాన్ని కళ్ళు చదవవు, మనసే ముందుకి చెప్పేస్తుంది. పలకరింపులో పేరు మార్చాం కదా, అక్కడితో మనసుకి పని అయిపోయినట్టే.

తమ్ముడూ, పేరు దొరికింది కాబట్టి పేరే పట్టుకుని కూర్చున్నావు. ఆ పాత్రో బాబుది ఒడిశాలోనే అయితే మెయిల్లో పన్ను రెండు వరసలుగా ఉంటుంది, సీజీఎస్టీ సగం, ఎస్‌జీఎస్టీ సగం. నీ షాపు నుంచి సరుకు ఇచ్ఛాపురంలో దించితే అది ఆంధ్రా. ఐజీఎస్టీ అని ఒకటే వరస రావాలి. మొత్తంలో పైసా తేడా ఉండదు, అందుకే మొత్తం సరిచూసుకునేవాడికి ఇది దొరకదు. మా దగ్గర ఇలాంటిదొకటి కొటేషన్లోంచి బిల్లులోకి ఎక్కింది. బిల్లు సరిచేసి ఇచ్చేదాకా పార్టీ డబ్బు ఆపేశాడు.

నేను చేసేది చెబుతాను. పాత మెయిల్ తెరిచాక, ఒక్క అక్షరం మార్చకముందే, ఆ పార్టీకి మాత్రమే చెందినవి చీటీ మీద రాసుకుంటాను. పేరు, ఊరు, జీఎస్టీ నంబరు, తేదీ, మొత్తం. మార్చడం అయ్యాక చీటీలోవి ఒక్కొక్కటే వెతుకుతాను. కొత్తది పెట్టానా అని చూడను, పాతది పోయిందా అని చూస్తాను. పోయినదానికి కొట్టివేత.

జయపురం శీను:
అక్కా, నేను చెప్పిందీ అదేగా. Ctrl+F.

రాయగడ లెక్కలు:
సగం అదే. Patro వెతికితే Patra అని తప్పు కొట్టినది దొరకదు. జతచేసిన పీడీఎఫ్ లోపలికి ఆ వెతుకులాట వెళ్ళదు. లెటర్‌హెడ్ బొమ్మగా అతికిస్తారు చూడు, దాంట్లో పాత అడ్రస్ ఉన్నా, పాత ఫోన్ నంబరు ఉన్నా వెతికితే కనపడదు. అవి మాత్రం మాస్టారు చెప్పినట్టు కళ్ళతోనే చూడాలి.

గుణుపురం మాస్టారు:
చివరికి కళ్ళకే వచ్చారుగా.

రాయగడ లెక్కలు:
కళ్ళు వద్దని నేనెప్పుడన్నాను మాస్టారూ? ఎక్కడ పెట్టాలో తెలిస్తే కళ్ళు పనిచేస్తాయన్నాను.

జయపురం శీను:
ఇంతకీ బుల్లోడూ, పాత మెయిల్ ఎలా తీస్తున్నావు? ఫార్వర్డా?

బరంపురం బుల్లోడు:
పాత్రో బాబుకి పంపినదాని మీదే రిప్లై కొట్టి, సబ్జెక్టు మార్చి, అడ్రస్ మారుస్తాను. లోపలి మాటలన్నీ పైన అతికిస్తాను.

రాయగడ లెక్కలు:
అయ్యో. జీమెయిలేనా? రాసే డబ్బాలో అడుగున మూడు చుక్కలు చిన్నగా ఉంటాయి, నొక్కి చూశావా? పాత్రో బాబుతో మీరు మాట్లాడుకున్నదంతా అక్కడే మడతపడి ఉంటుంది. నువ్వు తెరవకపోతే నీకు కనపడదు, దాన్ని తీసెయ్యకపోతే అవతలివాడికి వెళ్తుంది.

బరంపురం బుల్లోడు:
వెళ్ళింది. అసలు సంగతి చెప్పలేదు, సిగ్గేసి. ఇచ్ఛాపురం ఆయన ఫోన్ చేసి ‘పేరు సంగతి వదిలెయ్, పాత్రోకి ఇచ్చిన డిస్కౌంటే నాకూ ఇవ్వు’ అన్నాడు. ఈయనకి మూడు శాతం, పాత్రోకి ఎనిమిది ఇచ్చాం. అది ఆ మూడు చుక్కల్లోంచే. షాపాయన ఆ తేడా నా జీతంలో కోస్తానంటున్నాడు.

గుణుపురం మాస్టారు:
కొయ్యడం న్యాయమే. పంపినవాడిదే బాధ్యత.

జయపురం శీను:
మాస్టారూ, ఇదేం న్యాయం? పొద్దున్న పదకొండింటికల్లా నలభై మెయిళ్ళు వెళ్ళాలనేది ఎవరు? మీ రోజుల్లో రోజుకెన్ని కొట్టేవారు? నాలుగా?

గుణుపురం మాస్టారు:
తక్కువ కొట్టేవాళ్ళం, తప్పూ తక్కువే. మా దగ్గర డ్రాఫ్టు మీద హెడ్ క్లర్కు సంతకం లేందే కాగితం బయటికి వెళ్ళేది కాదు. 

రాయగడ లెక్కలు:
అదిగో, అసలు తేడా అక్కడే ఉంది మాస్టారూ. మీ కాగితం ఇద్దరు చూసేవారు. ఈయనది ఒక్కడే. రెండో మనిషి చూసి మీ తప్పు ఆగితే, అది మీ కళ్ళ గొప్పతనం అంటారేంటి?

గుణుపురం మాస్టారు:
హెడ్ క్లర్కు నా కాగితం మూడుసార్లే వెనక్కి పంపాడు. ముప్పయ్యేళ్ళలో. 

బరంపురం బుల్లోడు:
గొడవలొద్దండి. అక్కా, అయితే పాత మెయిల్ పూర్తిగా మానెయ్యనా?

రాయగడ లెక్కలు:
మానెయ్. కొత్త మెయిలుగా ఖాళీది ఒకటి రాసి దాచుకో. మార్చాల్సిన ప్రతిచోటా @@ పెట్టు. పన్ను వరస దగ్గర కూడా. పంపే ముందు @@ వెతికితే మిగిలినవన్నీ దొరుకుతాయి. కాపీ అడ్రస్ గడిలోనూ @@ కొట్టి వదిలితే, అది తీసేదాకా జీమెయిల్ పంపనివ్వదు. అడ్రస్ సరిగా లేదని అడ్డుపడుతుంది. తొందర్లో చెయ్యి జారకుండా నేనలా చేస్తాను.

ఇదీ పాడవుతుంది సుమా. మా కుర్రాడు ఒకరోజు నింపేసినదాన్నే ఖాళీదాని మీద సేవ్ చేశాడు. వారం రోజులు ఒకే పార్టీ ఊరు అందరికీ వెళ్ళింది, @@ ఒక్కటీ లేదు కదా, వెతికితే ఏం దొరుకుతుంది?

జయపురం శీను:
నాలుగు రోజుల్లో ఆ @@ తీసెయ్యడం కూడా అలవాటైపోతుంది. చూడకుండానే తీస్తాడు.

రాయగడ లెక్కలు:
అవ్వచ్చు. కాదనను.

బుల్లోడూ, ఇంకొకటి. ఖాళీది తయారు చేసేటప్పుడు అడుగున మీ షాపు జీఎస్టీ నంబరు చూడు. మొదటి రెండంకెలు రాష్ట్రం, మన ఒడిశాది 21, ఆంధ్రాది 37. తర్వాతి పది అక్షరాలు పాన్. మొత్తం నంబరులో ఆరో అక్షరం F అయితే భాగస్వామ్య సంస్థ, C అయితే కంపెనీ. షాపు రూపం మారితే పాన్ మారుతుంది, దాంతో ఈ నంబరూ మారుతుంది. చాలా షాపుల మెయిళ్ళ అడుగున పాతదే ఉండిపోతుంది.

బరంపురం బుల్లోడు:
ఇప్పుడే చూశాను. మా షాపు రెండేళ్ళ కిందట ప్రైవేట్ లిమిటెడ్ అయింది. ఆరో అక్షరం F అనే ఉంది. ఆ అడుగు వరసలు రాసి ఇచ్చింది షాపాయనే.

జయపురం శీను:
జీతం కొయ్యమను ఇప్పుడు 😀

గుణుపురం మాస్టారు:
రెండేళ్ళుగా అది రోజూ నీ కళ్ళ ముందే ఉంది కదా బాబూ.