బ్రేకు నొక్కితే మొన్నటిదాకా కీచు, ఇప్పుడు గరగర. అన్నీ మార్చాలంటున్నారు, నిజమేనా?

ఆమదాలవలస అబ్బాయి, ఒహాయో

అందరికీ నమస్కారం. చదువుకని కిందటి ఆగస్టులో వచ్చాను, ఒక పాత సెడాన్ కొనుక్కున్నాను. చలికాలం అంతా బాగానే తిరిగింది. ఈ మధ్య బ్రేకు మెల్లగా నొక్కితే ముందు కుడి చక్రం దగ్గర కీచుమనేది, నిన్నటి నుంచి ఇనుము మీద ఇనుము రాస్తున్నట్టు గరగరలాడుతోంది. షాపుకి తీసుకెళ్తే చక్రమైనా విప్పకుండానే ముందు రెండువైపులా ప్యాడ్లు, డిస్కులు, కాలిపర్లు మొత్తం మార్చాలన్నారు. అంత డబ్బు ఇప్పుడు నా దగ్గర లేదు. ఊళ్లో బండి తప్ప కారు నడిపింది లేదు. ఇందులో ఏది నిజంగా పోయిందో ఎలా తెలుస్తుంది?

నరసన్నపేట, టెక్సాస్

తమ్ముడూ, అది డిస్కు గ్లేజ్ అయింది, అంటే పైన గట్టిపడి నున్నగా అయిపోయింది. చక్రం సందుల్లోంచి చూడు, అద్దంలా మెరుస్తుంటే అదే. ప్యాడ్లు తీసి సాండ్ పేపర్‌తో రుద్ది మళ్ళీ పెట్టేస్తే సౌండ్ పోతుంది, నాకు అలాగే పోయింది. షాపు మాటలు పట్టించుకోకు.

బొబ్బిలి, మిషిగన్

అన్నా, ప్యాడ్ రాసుకునే మేర మంచి డిస్కు కూడా మెరుస్తుంది, మెరుపు చూసి చెప్పలేం. గ్లేజ్ అయితే కీచుమంటుంది గానీ గరగరలాడదు. పైగా కారు ఎప్పటికంటే ఆలస్యంగా ఆగుతుంది, పెడల్ గట్టిగా నొక్కాల్సి వస్తుంది, మామూలుగా రెండువైపులా ఒకేలా ఉంటుంది. ఈ అబ్బాయికి ఒక్క చక్రం దగ్గరే మొదలైంది, అదీ కీచు నుంచి గరగరకి వచ్చింది. ఇది వేరే దారి.

బాబూ, ముందు ఒక మాట. గరగర వచ్చిందంటే చాలావరకు ప్యాడ్ మీద మందు, అంటే డిస్కుకి రాసుకునే పొర, అయిపోయి వెనక ఇనుప పలక డిస్కుని గీస్తోందన్నమాట. హైవే ఎక్కకు, కాలేజీకి బస్సులో వెళ్ళు. కీచుకి కూడా కారణం ఉంది. చాలా ప్యాడ్లకి ఒక చిన్న రేకు ఉంటుంది, మందు రెండు మూడు మిల్లీమీటర్లకి వచ్చాక అది డిస్కుకి తగిలి అరుస్తుంది, మార్చమని. కొన్ని కార్లలో బ్రేకు నొక్కకపోయినా అరిచి, నొక్కగానే ఆగిపోతుంది కూడా. నీది ఆ దశ దాటిపోయింది.

ఇప్పుడు తేల్చాల్సింది ప్యాడ్ అరిగిందా అని కాదు, ఒక్క వైపే ఎందుకు అరిగిందని. ఇంటి చుట్టుపక్కల వీధుల్లోనే నెమ్మదిగా పది నిమిషాలు తిప్పు, వీలైనంత వరకు బ్రేకు వాడకుండా దానంతట అదే ఆగేలా చూడు. దిగి ముందు రెండు చక్రాల దగ్గరా అరచెయ్యి పెట్టు, తాకకు, కాలిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. బ్రేకు వాడకుండానే ఒకటి సెగలు కక్కుతూ రెండోది గోరువెచ్చగా ఉంటే, అక్కడ ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ పట్టేసి వాటిని వదలడం లేదు. స్టీరింగ్ ఒక పక్కకి లాగుతోందా, ఒక చక్రం రిమ్ మీద నల్లపొడి ఎక్కువుందా, అది కూడా చెప్పు.

రాజాం, న్యూజెర్సీ

నాకూ ఇదే సమస్య అండీ! వాన పడ్డ మర్నాడు పొద్దున్న మొదటి రెండు బ్రేకులకి గరగర, తర్వాత ఏమీ ఉండదు. నేనూ కాలిపర్లు మార్చుకోవాలా?

బొబ్బిలి, మిషిగన్

మీది సమస్యే కాదండీ. రాత్రి తడికి డిస్కు మీద పల్చగా తుప్పు పడుతుంది, ప్యాడ్ దాన్ని గీసేస్తుంది. రెండు మూడు ఆగుళ్ళలో పోతే వదిలేయండి.

ఆమదాలవలస అబ్బాయి, ఒహాయో

చేశాను అన్నయ్యా. కుడివైపు దగ్గరికి చెయ్యి పెట్టలేకపోయాను, మాడు వాసన కూడా వచ్చింది. ఎడమవైపు వెచ్చగా ఉందంతే. కారు కొంచెం కుడికి లాగుతోంది. టార్చి వేసి చూస్తే బయటి ప్యాడ్ మందంగానే కనిపిస్తోంది, అందుకే అయోమయంగా ఉంది.

బొబ్బిలి, మిషిగన్

బయటి ప్యాడ్ చూసి చాలామంది మోసపోతారు. నీలాంటి కార్లలో చాలావాటికి కాలిపర్ పిస్టన్ లోపలివైపు ఉంటుంది, అది లోపలి ప్యాడ్‌ని నెడితే కాలిపర్ రెండు పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ని లాక్కుంటుంది. పిన్ను తుప్పు పట్టి బిగుసుకుంటే కాలిపర్ జరగదు, లోపలి ప్యాడ్ ఒక్కటే బరువంతా మోసి అరిగిపోతుంది. చక్రం విప్పాక లోపలిది పలక దాకా అరిగి, బయటిది నిండుగా ఉంటే దాదాపు పిన్నే. రెండూ సమానంగా అరిగి చక్రం వేడెక్కుతుంటే అనుమానం పిస్టన్ మీదకి పోతుంది.

తెలిసిన వాళ్ళు తోడుంటేనే విప్పు, జాకీ ఒక్కదాని మీద ఆధారపడకుండా స్టాండ్లు పెట్టు. కాలిపర్ తీశాక దానికి బ్రేకు ఆయిలు తెచ్చే రబ్బరు గొట్టానికి వేలాడదీయొద్దు, తీగతో పైన కట్టు. పిన్నులు చేత్తో లాగి చూడు.

టెక్కలి, లండన్

మా నాన్నగారు టెక్కలిలో లారీలు బాగుచేసేవారు. నౌపడ ఉప్పు మోసే బళ్ళకి ఇనుము తొందరగా తినేస్తుంది, బ్రేకు సామాన్లు ఊరికే పట్టేస్తాయి అనేవారు. మీ దగ్గర చలికాలం రోడ్ల మీద చల్లేదీ ఉప్పే కదా బాబూ. పిన్ను మీద రబ్బరు తొడుగు చిరిగిందేమో చూడు, అక్కణ్ణించే లోపలికి పోతుంది.

ఆమదాలవలస అబ్బాయి, ఒహాయో

అక్కా, మీరన్నట్టే! ఒక సీనియర్‌తో కలిసి విప్పాం. కింది పిన్ను తొడుగు చిరిగి ఉంది, పిన్ను కదల్లేదు, పైది తేలిగ్గా వచ్చింది. లోపలి ప్యాడ్ మందు పూర్తిగా పోయింది, డిస్కు లోపలి ముఖం మీద గోరు ఆగేంత లోతు గీతలు పడ్డాయి. బయటి ముఖం నున్నగా ఉంది.

నరసన్నపేట, టెక్సాస్

డిస్కు ఉంచేయొచ్చు కదా? కొత్త ప్యాడ్లు వేస్తే గీతలు అవే సర్దుకుంటాయి.

బొబ్బిలి, మిషిగన్

గోరు తగిలే గీతలుంటే నేను ఉంచను అన్నా, కొత్త ప్యాడ్ మళ్ళీ తినేస్తుంది. డిస్కు మీదే మినిమమ్ మందం రాసి ఉంటుంది, గీతలు పోయేలా పైన చెక్కినా దానికంటే తగ్గదు అనుకుంటే చెక్కించొచ్చు గానీ, ఇప్పుడు కొత్తదానికీ చెక్కించడానికీ ఖర్చులో పెద్ద తేడా ఉండదు.

బాబూ, ముందు రెండువైపులా డిస్కులు, ప్యాడ్లు మార్చు. ఒక్కవైపే మారిస్తే బ్రేకు ఎగుడుదిగుడుగా పడుతుంది. షాపు అంతవరకు సరిగ్గానే చెప్పింది. కాలిపర్ మాత్రం ఇంకా చూడాలి. పిన్ను బలవంతంగా తీసి, బొరియ శుభ్రం చేసి, కొత్త పిన్నులు, తొడుగులు వేసి సిలికాన్ బ్రేకు గ్రీజు రాయి, మామూలు గ్రీజు అయితే రబ్బరు ఉబ్బుతుంది. తర్వాత పిస్టన్‌ని సీ క్లాంపుతో నెమ్మదిగా వెనక్కి నొక్కు. నునుపుగా పోతే కాలిపర్ ఉంచుకోవచ్చు. మొండికేస్తే మార్చాలి. ఎడమ పిన్నులు కూడా చూసుకో.

ఆమదాలవలస అబ్బాయి, ఒహాయో

పిస్టన్ మొదట కదల్లేదన్నయ్యా. సీనియర్ కాలిపర్ మీది బ్లీడర్ స్క్రూ కొంచెం వదులు చేస్తే ఆయిలు చిమ్మి, అప్పుడు సులువుగా పోయింది. ఇది మంచిదా చెడ్డదా?

బొబ్బిలి, మిషిగన్

అంటే పిస్టన్ బాగానే ఉండొచ్చు, ఒత్తిడి వెనక్కి పోవడం లేదేమో. ఆ రబ్బరు గొట్టం లోపల పొర ఊడి ఆయిల్‌ని అడ్డుకుంటోందని అనుమానం. ఇక్కణ్ణుంచి చూసి చెప్పలేను. పాత గొట్టం అలాగే ఉంచి పిన్నులు వేస్తే వేడి మళ్ళీ రావచ్చు. గొట్టం ధర కాలిపర్ కంటే చాలా తక్కువ, అది కూడా మార్చి, బ్రేకు ఆయిల్లో చేరిన గాలి పూర్తిగా తీయించు. పెడల్ గట్టిపడే దాకా తొక్కకుండా బండి కదపొద్దు. తిప్పాక మళ్ళీ రెండు చక్రాల వేడి కొలిచి ఇక్కడ రాయి.