అప్‌డేట్: 37 నుంచి 84 వరకు కూడితే అర ఎందుకు వచ్చిందో తెలిసింది

నా ప్రశ్న: విజయనగరంలో మా వీధి గుడి ముందు కార్తీక దీపాలకు మొదటి వరుసలో 37 ప్రమిదలు, తర్వాత వరుసకొకటి పెంచుతూ చివర 84. జతల పద్ధతిలో 2843.5 వస్తోంది. అర ప్రమిద ఏమిటి?

అందరికీ థ్యాంక్స్. వరుసలు మళ్లీ లెక్కపెట్టమన్న సలహాతోనే తేలింది. 84లోంచి 37 తీసేసి 47 వరుసలనుకున్నాను, అక్కడ మొదటి వరుస జారిపోయింది. ఒకటి కలిపితే 48, అంటే 24 జతలు. 37+84, 38+83, ఏ జతైనా 121. మొత్తం 2904. 1 నుంచి 84 వరకు కూడి (3570), 36 వరకు మొత్తం (666) తీసేసినా అంతే వచ్చింది. 1 నుంచి మొదలైతేనే ఈ పద్ధతి పనిచేస్తుందన్న నా అనుమానానికి దీంతో సంబంధమే లేదు.

ఒక్క జాగ్రత్త. చివర 85 అయితే ఇదే పొరపాటుకు 2928 వస్తుంది, అర కనబడదు కాబట్టి తప్పని తెలియదు. అప్పుడు 24 జతలు పోగా నడుమ 61 ఒంటరిగా మిగులుతుంది. దాన్నీ కలిపితే 2989.