తేజ మిర్చి పోస్టులో ఘాటు అంకె వేయాలా, వద్దా?

కొత్త_ఎగుమతి_గుంటూరు: ఎండు మిర్చి ఎగుమతి మొదలుపెట్టాను. తేజ, తొడిమ తీసిన తేజ, సన్నం 334, కారం పొడి, ఇవీ నా రకాలు. విదేశీ కొనుగోలుదారుల కోసం లింక్డిన్‌లో ఫొటో పెట్టి కాప్షన్ రాయాలి. ఘాటు, రంగు అంకెలు వేయాలా, లేక ‘బాగా ఘాటు, ముదురు ఎరుపు’ అని సులువుగా రాస్తే సరిపోతుందా?

ల్యాబ్_లక్ష్మి: అంకెలు వేయండి. కాకపోతే ఒక్క అంకె కాదు, ఇంత నుంచి ఇంత అని రాయండి. ‘బాగా ఘాటు’ అంటే జలపెనో తినేవాడికి ఒక అర్థం, మన కారానికి అలవాటుపడ్డవాడికి ఇంకో అర్థం. జలపెనో ఘాటు మహా అయితే ఎనిమిది వేల స్కోవిల్. మన తేజ మామూలుగా 75 వేల నుంచి లక్ష దాకా ఉంటుంది. పొడి ఫ్యాక్టరీవాడు ఎంత తేజలో ఎంత రంగు మిర్చి కలపాలో లెక్క వేసుకునేది ఈ అంకెతోనే. కొందరు స్కోవిల్ అడగరు, క్యాప్సైసిన్ శాతం అడుగుతారు. అర శాతం అంటే 80 వేల స్కోవిల్ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంకో మాట. తేజ గొప్పదనం ఘాటులో ఉంది, రంగులో కాదు. దానికి ‘ముదురు ఎరుపు’ అని రాస్తే బ్యాడిగి మిర్చి రంగు ఊహించుకుని వస్తారు, నమూనా చూసి వెళ్లిపోతారు.

మిర్చియార్డు_మస్తాన్: తమ్ముడూ, అంకె వేయకు. నేను వేసి మునిగాను. రెండేళ్ల కిందట మలేషియా పార్టీకి 90 వేలు అని రాసిచ్చాను. అక్కడ పరీక్ష చేస్తే 76 వేలు వచ్చింది. టన్నుకి ఇంత అని కోసేసుకున్నాడు, ఏం చేయగలిగాను? నోటితో చెప్పింది గాలికి పోతుంది, రాసింది మెడకి చుట్టుకుంటుంది.

బందరు_రోడ్డు_బుజ్జి: ఫొటో బాగుంటే చాలండీ. కాప్షన్ ఎవరు చదువుతారు?

ల్యాబ్_లక్ష్మి: కొనేవాడు చదువుతాడు బుజ్జిగారూ. అయితే ‘మరింత చూడండి’ నొక్కకముందు కనబడేది మొదటి రెండు మూడు లైన్లే. అందులో ‘నమస్తే, మాది ఫలానా సంస్థ’ అని మొదలుపెడితే ఆ లైన్లు దండగ. రకం, ఘాటు, తొడిమ ఉందా తీశారా, ఏ ఏడు పంట, ఇవి ముందు రావాలి.

పచ్చళ్ల_పద్మ_విజయవాడ: నేను ఆవకాయ, గోంగూర అమెరికా పంపిస్తాను. లింక్డిన్‌లో ఒక్క ఆర్డరూ రాలేదు, వాట్సాప్‌లోనే వచ్చాయి. మిర్చికి కూడా అదే నయమేమో చూడు నాయనా.

ల్యాబ్_లక్ష్మి: పద్మగారూ, మీరు ఇళ్లకి అమ్ముతున్నారు, ఈయన కంటైనర్ కొనేవాళ్లకి అమ్మాలి. వాళ్లు వెతికే చోటు వేరు.

కృష్ణలంక_కిరణ్: యూరప్ వాళ్లని పట్టాలంటే, బూజు వల్ల పుట్టే విషం ‘అఫ్లాటాక్సిన్ లేదు’ అని పెద్దక్షరాల్లో రాయండి. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది, రిపోర్టు తెచ్చుకుంటే అయిపోయింది.

ల్యాబ్_లక్ష్మి: రిపోర్టు తెచ్చుకోవాలన్నది నిజం కిరణ్. ‘లేదు’ అని మాత్రం ఎప్పుడూ రాయకూడదు. యూరప్ పరిమితి మిర్చికి బి1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్నీ కలిపితే 10. బూజు సరుకంతా సమంగా పట్టదు. ఒక సంచిలో ఒక మూల నాలుగు కాయలకి పడుతుంది. మీ చారెడు నమూనాలో అవి రాకపోవచ్చు, వాళ్ల నమూనాలో రావచ్చు. ‘ప్రతి లాటుకీ పరీక్ష చేయించి, యూరప్ పరిమితికి లోబడినదే పంపుతాం’ అని రాస్తే మాట నిలబడుతుంది.

‘తొడిమ తీసినది’ దగ్గర కూడా ఇదే గొడవ. షెడ్డులో ఆడవాళ్లు ఒక్కో కాయ మెడ విరుస్తారు. తొడిమ ఊడివస్తుంది, కొన్ని కాయలకి దాని కింద టోపీలా ఉండే ముచ్చిక మిగిలిపోతుంది. కొన్ని కాయలు అసలు చేతికే తగలవు. మనకి అది తొడిమ తీసిన సరుకే. జర్మనీవాడు ఒక్క తొడిమ కనబడినా ఫొటో తీసి పంపుతాడు. కాబట్టి ‘నూరు కిలోల్లో తొడిమ మిగిలినవి మూడు కిలోల లోపు’ అని రాసేయండి.

మిర్చియార్డు_మస్తాన్: ఇవన్నీ ల్యాబులో కూర్చుని చెప్పడం తేలిక మేడమ్. ప్రతి లాటుకీ పరీక్ష అంటారు, ఫీజు మీకే కదా వచ్చేది. యార్డులో పొద్దున్నే కాయ పట్టుకుని విరిచి చూసేవాడికి మీ అంకెలు అక్కర్లేదు.

ల్యాబ్_లక్ష్మి: ఆ మాట వెనక్కి తీసుకోండి మస్తాన్‌గారూ. నేను జీతానికి పనిచేస్తాను, రిపోర్టుకి ఇంతని నాకేమీ రాదు. ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఆ 90 వేలు ఏ లాటుది? కంటైనర్‌లోకి ఎక్కింది ఏ లాటు?

మిర్చియార్డు_మస్తాన్: ఫీజు మాట తప్పే, వదిలేయండి. నమూనా ఒక వ్యాపారి దగ్గర తీశాను. ఆర్డరు వచ్చేసరికి ఆయన దగ్గర అంత సరుకు లేదు. ముగ్గురి దగ్గర కొని కలిపాను. ఒకటి కోల్డ్ స్టోరేజీలో నిరుటి నుంచి ఉన్నది.

ల్యాబ్_లక్ష్మి: అయితే మిమ్మల్ని ముంచింది అంకె కాదు. ఒక లాటు అంకె ఇంకో మూడు లాట్లకి అంటించారు.

కొత్త_ఎగుమతి_గుంటూరు: మేడమ్, నేనూ ఒకటి చెప్పాలి. నా దగ్గర సరుకు లేదు. ఆర్డరు వచ్చాకే యార్డులో కొంటాను. ఫొటో మా బావగారి కోల్డ్ స్టోరేజీలో తీశాను, తాలు కాయలు పక్కకి తీయించి.

ల్యాబ్_లక్ష్మి: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది. లేని సరుకుకి ‘మా స్టాకు’ అని రాయకండి. ‘సరఫరా చేయగలం’ అని రాయండి. ఆ ఫొటో తీసేయండి. తాలు ఎంతవరకు ఉంటుందో అదీ చెప్పండి.

మిర్చియార్డు_మస్తాన్: ఇదిగో, నా బాధ ఇక్కడే. పది కోట్లు ఉన్నవాడు స్టాకు పెట్టుకుని లాటు నంబరు వేసి పోస్టు పెడతాడు. మా బోటివాళ్లు ఆర్డరు చూపించి అడ్వాన్సు తెచ్చుకుని కొనాలి. చేతిలో సరుకు ఉంటేనే చూపించాలంటే చిన్నవాడు ఈ వ్యాపారంలోకి ఎలా వస్తాడు?

ల్యాబ్_లక్ష్మి: రావద్దని నేననలేదు. కొనుగోలుదారుకి తెలియాలి అంటున్నాను. కాప్షన్ ఇంగ్లీషులో పెట్టాలి, విషయం మాత్రం ఇలా ఉండాలి:

‘గుంటూరు తేజ ఎండు మిర్చి, తొడిమ తీసినది, ఈ ఏటి పంట. ఘాటు 75,000 నుంచి 95,000 స్కోవిల్, అంటే చాలా ఘాటు. పొడికి, సాస్‌కి అనువైనది. తేమ 11 శాతం లోపు. తొడిమ మిగిలినవి 3 శాతం లోపు, తాలు 2 శాతం లోపు. 25 కిలోల సంచులు. ఆర్డరు మీద కొని సరఫరా చేస్తాం. లోడింగుకి ముందు అదే లాటు నమూనా, రిపోర్టు పంపుతాం. మీ ఆమోదం వచ్చాకే లోడింగు.’

నాలుగు రకాలూ ఒకే పోస్టులో కుక్కకండి, ఒక్కోదానికి ఒక్కో పోస్టు.

మిర్చియార్డు_మస్తాన్: ఆ ఆఖరు వాక్యాలకి ఒప్పుకుంటాను. ‘ఆర్డరు మీద కొని’ అని రాస్తే మాత్రం వాడు నిన్ను దాటేసి నేరుగా పెద్దవాడి దగ్గరికి వెళ్తాడు తమ్ముడూ. నేనైతే రాయను.

కొత్త_ఎగుమతి_గుంటూరు: రాస్తాను అన్నా, అడిగినప్పుడు దొరికిపోవడం కంటే అదే నయం. మేడమ్, పంపే నమూనా మూడు సంచుల్లో తీస్తే చాలా?

ల్యాబ్_లక్ష్మి: చాలదు. కనీసం పది సంచులు విప్పండి. ఒక్కోదాంట్లో పైన, మధ్యలో, అడుగున పిడికెడేసి తీసి అంతా కలిపి, అందులోంచి రెండు సమాన భాగాలు చేయండి. ఒకటి వాళ్లకి, ఒకటి సీలు వేసి మీ దగ్గర. అడుగు నుంచి తీయడం మరిచిపోవద్దు, చెమ్మ దిగేది అక్కడికే.