రీమేక్ సీరియల్‌లో కథ ఎక్కడ మారాలో ఎవరు నిర్ణయిస్తారు?

సీరియల్ రచన టీమ్‌లో పనిచేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి. నేను రచన నేర్చుకుంటూ స్టార్ మా ‘ఇంటింటి గృహలక్ష్మి’ని, దాని మూలమైన బెంగాలీ ‘శ్రీమయి’ని పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

మొదట్లో రెండూ ఒకటే కథ. ఇంటి చాకిరీ అంతా చేసే ఇల్లాలు, ఆమెను చిన్నచూపు చూసే భర్త, అతని ఆఫీసులోని ఇంకో ఆమె, విడాకులు. పేర్లు మాత్రమే మారాయి: శ్రీమయి తులసి అయింది, అనింద్య నందు అయ్యాడు, జూన్ లాస్య అయింది.

అసలు తేడా విడాకుల తర్వాతే. బెంగాలీలో శ్రీమయి పాత స్నేహితుడు రోహిత్‌ను పెళ్లి చేసుకుంటుంది. హిందీ ‘అనుపమ’లోనూ రెండో పెళ్లి జరిగింది. తెలుగులో సామ్రాట్ వచ్చాడు, తులసికి అండగా నిలిచాడు, కానీ పెళ్లి దాకా పోలేదు. నాకైతే ఆ కథకున్న ధైర్యమంతా ఆ పెళ్లిలోనే ఉందనిపిస్తుంది. అందుకే బాధగా ఉంది.

ఇలాంటి మలుపు వద్దనుకునేది ఛానెలా, నిర్మాతా, రేటింగులా? హక్కులు కొన్నప్పుడు మూలకథను ఎంతవరకు పాటించాలని ఒప్పందంలో రాస్తారా? ఇంకొకటి, ‘శ్రీమయి’ 2021 డిసెంబర్‌లో అయిపోయింది, తెలుగుది 2024 జనవరి దాకా నడిచింది. మూలం ఆగిపోయాక ముందుకెళ్లే కథను ఇక్కడి టీమే సొంతంగా రాసుకుంటుందా, లేక మిగతా భాషల రీమేక్‌ల నుంచి ట్రాక్‌లు తెచ్చుకుంటుందా?