"అనురూప భుజాలు" అంటే ఒకదాని కింద ఒకటి ఉన్నవా?

కావలి అమ్మ:
ఇది లెక్కల గ్రూపు కాదని తెలుసు. నా సందేహం మాట గురించే కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. మా పిలకాయ పదో తరగతి, తెలుగు మీడియం. ఫ్రెండు నోటుబుక్కులో ఉన్న పటాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చి లెక్క చేసినాడు, తప్పని ఎర్రగీత పడింది. ABC త్రిభుజం, లోపల BC కి సమాంతరంగా DE గీత. ఎడమ గీత మీద పైన 4, కింద 6. కుడి గీత మీద పైన 3.6, కింద 5.4. DE పక్కన 5. BC ఎంత అని ప్రశ్న. వీడు 4/6 = 5/BC అని పెట్టి 7.5 తెచ్చినాడు. ఎందుకురా అట్లా పెట్టావంటే, "అనురూప భుజాలు అనుపాతంలో ఉంటాయని రాసుందమ్మా, 4 కింద 6 ఉంది, 5 కింద BC ఉంది, అవే అనురూపం" అంటాడు. వినడానికి బాగానే ఉంది కదా! అసలు అనురూపం అనే మాటకు అర్థం ఏంది?

కనిగిరి పద్యాలాయన:
మంచి మాట అడిగారమ్మా. అనురూపం అంటే తగినది, రూపానికి తగ్గట్టుగా ఉన్నది. పాత కావ్యాల్లో పెళ్లి మాట వచ్చినచోట కనబడుతుంది, "అనురూపుడైన వరుడు" అంటే ఈడూ జోడూ కుదిరినవాడని. అంతేగానీ ఎదురుగా ఉన్నదనో కింద ఉన్నదనో అర్థం ఎక్కడా లేదు. మీవాడు శుభలేఖలో వాడుకుంటానంటే "అనురూప దాంపత్యం" బాగుంటుంది.

కావలి అమ్మ:
అయ్యా, వాడికి పదిహేనేళ్లు. పెళ్లి కాదు, త్రిభుజం.

ఒంగోలు ట్యూషన్ తమ్ముడు:
అక్కా, మీవాడు పెట్టింది పూర్తిగా తప్పేం కాదు. సమాంతర రేఖ రెండు భుజాల్నీ ఒకే నిష్పత్తిలో విభజిస్తుంది, థేల్స్ సిద్ధాంతం అదే. AD/DB = AE/EC. చూడండి, 4/6 ఎంతో 3.6/5.4 అంతే, రెండూ 2/3. కాబట్టి DE/BC కూడా 2/3 అవ్వాలి, 7.5 కరెక్టే అనిపిస్తోంది నాకు. ఇంకోటి, ఫోటోలో DE, BC కుడివైపు పోయేకొద్దీ దగ్గరపడుతున్నాయి, స్క్రీన్ మీద స్కేలు పెట్టి చూశాను. అవి సమాంతరమేనా అసలు?

నెల్లూరు రిటైర్డ్ మాస్టారు:
ముందు ఫోటో సంగతి. ఫోను పుస్తకానికి నిటారుగా పట్టకుండా వాలుగా పడితే దగ్గరున్న వైపు పెద్దదిగా, దూరంగా ఉన్న వైపు చిన్నదిగా పడుతుంది, రైలు పట్టాలు దూరంలో కలిసినట్టు కనబడవా, అట్లాగే. కాబట్టి ఫోటో మీద స్కేలు పెట్టొద్దు. రెండు గీతల మీదా చిన్న బాణం గుర్తులున్నాయి, జూమ్ చేసి చూడు. సమాంతరమని చెప్పేవి ఆ గుర్తులే, కన్ను కాదు.

ఇక లెక్క. తమ్ముడూ, నువ్వు చెప్పిన దాంట్లో మొదటి సగం నిజం. AD/DB = AE/EC, ఇందులో అనుమానం లేదు. కానీ ఆ సిద్ధాంతం తెగిన ముక్కల గురించే మాట్లాడుతుంది, DE గురించీ BC గురించీ ఒక్క ముక్క చెప్పదు. నమ్మకం లేకపోతే D ని సరిగ్గా నడిమధ్యలో పెట్టి చూడు. అప్పుడు AD, DB సమానం, నిష్పత్తి 1. నీ లెక్క ప్రకారం DE, BC కూడా సమానం కావాలి. త్రిభుజం నడుము, త్రిభుజం పాదం ఒకే పొడవుంటాయా?

ఒంగోలు ట్యూషన్ తమ్ముడు:
అవును మాస్టారూ, ఉండవు. నడుము పాదంలో సగమే ఉంటుంది. పప్పులో కాలేశాను.

నెల్లూరు రిటైర్డ్ మాస్టారు:
పద్యాలాయన పెళ్లి సంగతి ఎత్తారు కదా, నవ్వుకున్నాను గానీ అదే సరైన దారి. ఈ పటంలో ఉన్నవి రెండు ఇళ్లు. చిన్న ఇల్లు ADE, పెద్ద ఇల్లు ABC. సంబంధం కలపాలంటే ఒకరు ఈ ఇంట్లోంచి, ఒకరు ఆ ఇంట్లోంచి రావాలి. చిన్నింట్లో ఉన్నది AD, AE, DE. పెద్దింట్లో ఉన్నది AB, AC, BC. మరి ఆ 6, అంటే DB, ఏ ఇంటి బిడ్డ? రెండిళ్లలోనూ లేదు. అది రెండిళ్ల మధ్య మిగిలిన ముక్క, భుజమే కాదు. కనక AD కి జోడీ DB కాదు, AB. నాలుగూ ఆరూ కలిపి పది.

AD/AB = DE/BC
4/10 = 5/BC
BC = 12.5

కుడివైపు నుంచి వచ్చినా అంతే. 3.6, 5.4 కలిపితే 9. 3.6/9 కూడా 0.4, 5/12.5 కూడా 0.4. ఇంకొక ఉపాయం, కోణాల్ని బట్టి పేర్లు ఒకే వరుసలో రాసుకోవడం. △ADE ~ △ABC, అంటే రెండూ సరూపాలని, పేర్లు ఒకదాని కింద ఒకటి రాసినాక A కింద A, D కింద B, E కింద C. వాడు "కింద" అన్నమాట ఇక్కడ వాడుకుంటే సరిపోయేది. పటంలో ఏది కింద ఉందో కాదు, పేర్లు రాసిన వరుసలో ఏది కింద పడిందో చూడాలి.

కనిగిరి పద్యాలాయన:
చూశారా, నేను ఊరికే అనలేదు! మాస్టారూ, ఇది విన్నాక భాస్కరాచార్యుల లీలావతిలో త్రైరాశికం శ్లోకం గుర్తొచ్చింది, "ప్రమాణమిచ్ఛా చ సమానజాతీ" అని మొదలవుతుంది. ప్రమాణమూ ఇచ్ఛా ఒకే జాతివి కావాలి, ఫలం వేరే జాతిది అని. 1150 నాటి మాట.

నెల్లూరు రిటైర్డ్ మాస్టారు:
సరిగ్గా పట్టుకొచ్చారు. జాతి అంటే ఇక్కడ రకం, అంతే. ప్రమాణం 4, అది A దగ్గర మొదలై ఎడమ గీత వెంట పోయే పూర్తి భుజం. దానికి ఫలం 5. మనం కోరుకునేది, అంటే ఇచ్ఛ, అదే రకంది కావాలి. అదీ A దగ్గరే మొదలై ఎడమ గీత వెంట పోయే పూర్తి భుజం, అంటే 10. ఇచ్ఛను ఫలంతో గుణించి ప్రమాణంతో భాగించమంటాడు. 10 × 5 = 50, దాన్ని 4 తో భాగిస్తే 12.5. పిలకాయ 6 ని ఇచ్ఛ చేశాడు. అది D దగ్గర మొదలైంది, A దగ్గర కాదు. జాతి మారిపోయింది.

చీమకుర్తి షెడ్డు అన్న:
నాకు తగిలిన దెబ్బ ఇదే అని ఇప్పుడు అర్థమవుతోంది. గ్రానైట్ ముక్కలు పెట్టుకోవడానికి షెడ్డు వేసుకున్నా. కొప్పు నుంచి చూరు దాకా వాలు పైపు పదడుగులు, కింద అడ్డం పదిహేనడుగులు. కొప్పు నుంచి నాలుగడుగులు దిగినాక ఇంకో అడ్డపైపు వేయాల. పైన నాలుగు, కింద ఆరు, సరే పదిహేనులో ఆరింట నాలుగొంతులు అనుకుని పదడుగులు కోయించినా. ఎక్కించి చూస్తే రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చింది. పొడవు కాబట్టి సరిపోయింది, పొట్టిగా కోసుంటే పైపు పోయేది. పదిహేనులో పదింట నాలుగొంతులు, అంటే ఆరడుగులు చాలన్నమాట.

కానీ మాస్టారూ, మా డ్రాయింగుల్లో మొత్తం కొలతే వేస్తారు, రెండు చివర్లా బాణాలు పెట్టి. ఈ ఫోటోలో ఆ 6 అనేది AB మొత్తానిదేమో? అప్పుడు పిలకాయ చెప్పిన 7.5 కరెక్టు అవుతుంది కదా?

ఒంగోలు ట్యూషన్ తమ్ముడు:
అది తేల్చొచ్చు అన్నా. కుడివైపు కొలతలతో సరిచూస్తే సరి. 4/6, 3.6/5.4 సమానం కాబట్టి అవి ముక్కలే.

నెల్లూరు రిటైర్డ్ మాస్టారు:
తొందరపడకు. అన్న అడిగింది అసలైన ప్రశ్న. 6 మొత్తం AB అయి, 5.4 మొత్తం AC అయినా 4/6 = 3.6/5.4 అనేది అప్పుడూ నిజమే. రెండు రకాలుగా చదివినా ఆ పరీక్ష పాసవుతుంది, కాబట్టి దాంతో తేలదు. తేల్చేది అంకె ఎక్కడ రాశారన్నదే. D కీ B కీ మధ్య రాసుంటే ముక్క కొలత. A నుంచి B దాకా పక్కనే వేరే గీత గీసి బాణాలు పెట్టి రాసుంటే మొత్తం కొలత. ఈ ఫోటోలో 6 అనేది D కి కాస్త దిగువన ఉంది, కానీ కింద అంచు కోసుకుపోయి B మూలే సగం కనబడటం లేదు. పక్కన బాణం గీత ఉందో లేదో చెప్పలేను.

ఒక చిన్న ఆనవాలు మాత్రం ఉంది. 6 మొత్తమైతే DB రెండే, అప్పుడు D సగానికి కిందికి రావాలి. ఫోటోలో D సగానికి పైనే ఉంది. వాలుగా తీసిన ఫోటో కాబట్టి, పటాలు కొలత ప్రకారమే గీస్తారన్న నియమం లేదు కాబట్టి, దీన్ని సాక్ష్యం అనను, అనుమానం అంటాను. పటం కింద ప్రశ్న రాసుంటుంది కదమ్మా, అది ఫోటోలో పడలేదు. అందులో DB = 6 అని ఉందా, AB = 6 అని ఉందా?

కావలి అమ్మ:
ఫ్రెండు వాళ్లమ్మకు ఫోన్ చేసి చదివించుకున్నా. "AD = 4 సెం.మీ., DB = 6 సెం.మీ." అని ఉందంట. అయితే 12.5 ఏ. ఎర్రగీత న్యాయమే. వాణ్ణి కూర్చోబెట్టి రెండిళ్ల కథ చెప్పినా, "6 ఎవరింటి బిడ్డా కాదా, పాపం" అని నవ్వినాడు. ఆ వెంటనే ఇంకో పటం తెచ్చినాడు, ABCD ట్రెపీజియం, AB, DC సమాంతరం, కర్ణాలు O దగ్గర కోసుకుంటాయి. దాంట్లో వాడు OA/OD అని పెట్టినాడు, రెండూ ఎడమ పక్కనే ఉన్నాయని.

నెల్లూరు రిటైర్డ్ మాస్టారు:
అక్కడా పక్కపక్కనున్నవి చూసే మోసపోయాడు. A దగ్గరి కోణం C దగ్గరి కోణానికి సమానం, ఏకాంతర కోణాలు. అందుకని △OAB ~ △OCD. A కి C జోడీ, B కి D జోడీ. OA/OC = OB/OD = AB/CD. జోడీ ఒకే గీత మీద O కి అవతల ఉంటుంది.

కనిగిరి పద్యాలాయన:
నాదొక సందేహం మాస్టారూ. భుజాలకు అనురూపం అంటున్నారు, తిర్యగ్రేఖ దగ్గర కోణాలకు సదృశ కోణాలు అంటున్నారు. రెండు మాటలెందుకు? పిల్లలకు "జోడీ భుజాలు" అంటే పోదా?

ఒంగోలు ట్యూషన్ తమ్ముడు:
జోడీ అంటే మళ్లీ 4 పక్కన 6 నే జోడీ అంటారండీ, మా దగ్గర పిల్లల సంగతి నాకు తెలుసు.

చీమకుర్తి షెడ్డు అన్న:
మాస్టారూ, మా వాలు పైపులు రెండు పక్కలా సమానం కాదు, ఒకటి పది, ఒకటి పన్నెండు. అడ్డపైపు ఆరడుగులే పడుతుందా, లెక్క మారుతుందా?

నెల్లూరు రిటైర్డ్ మాస్టారు:
అడ్డపైపు కింది పైపుకు సమాంతరంగా ఉంటే ఆరే. కాకపోతే పన్నెండడుగుల వైపు నాలుగు కాదు, 4.8 అడుగులు దిగి బిగించాలి. రెండు పక్కలా నాలుగే దిగి బిగించావంటే అది సమాంతరం కాదు, అప్పుడు ఈ లెక్క పనికిరాదు.

చీమకుర్తి షెడ్డు అన్న:
రెండు పక్కలా నాలుగే బిగించినా. రేపు టేపు తీసుకుని ఎక్కుతా.