ఉగాది పోటీ వీడియోల ట్రాన్స్‌కోడింగ్: క్యూ అమరిక, ఖర్చు (వాలంటీర్ల చర్చ)

సాంకేతిక బృందం సమన్వయకర్త: అందరికీ నమస్కారం. పిల్లల నృత్య, పద్య పోటీల వీడియోలు ఈసారి మన డాలస్ సభ్యుల ఫోన్ల నుంచి నేరుగా అమెజాన్ క్లౌడ్ నిల్వ అయిన S3లోకి అప్‌లోడ్ అవుతాయి. ఒక్కో వీడియోకు, చేయాల్సిన పనులను వరుసలో ఉంచే SQS క్యూలో ఒక సందేశం చేరుతుంది. వీడియోలను మార్చే ffmpeg ఉన్న కంటైనర్ ఆ సందేశాన్ని తీసుకుని, న్యాయనిర్ణేతల కంప్యూటర్లన్నింటిలోనూ ఆడేలా 720p H.264 ప్రతిని తయారుచేస్తుంది. నిన్నటి పరీక్షలో చిన్న వీడియోలు సాఫీగా వచ్చాయి గాని, 12 నిమిషాల 4K కూచిపూడి వీడియో ఒక్కటే మూడు కంటైనర్లలో ఒకేసారి నడుస్తూ కనిపించింది. క్యూ ఖాళీ కాలేదు, మిగతా వీడియోలు వెనకబడ్డాయి. కారణం ఎవరికైనా తట్టిందా?

సాంస్కృతిక విభాగం: మా అమ్మాయి వీడియో కూడా అడ్డంగా కనిపిస్తోందండి. అది కూడా ఈ సమస్యేనా?

బ్యాకెండ్ చూసే వాలంటీరు: అది వేరే విషయమండి. ఫోను బొమ్మను తిప్పకుండా నిల్వచేసి, ఎటు తిప్పి చూపాలో ఫైలులో రాసి పెడుతుంది. ffmpeg ఆ సమాచారాన్ని తనంతట తానే పాటిస్తుంది కాబట్టి మార్చిన ప్రతిని ఒకసారి చూడండి. అదీ అడ్డంగానే ఉంటే నాకు పంపండి.

ఇక క్యూ సంగతి. ఒక కంటైనర్ సందేశాన్ని తీసుకోగానే SQS దాన్ని తొలగించదు, విజిబిలిటీ టైమౌట్ ముగిసేవరకు ఇతరులకు కనిపించకుండా ఉంచుతుంది, అంతే. మనం మార్చకపోతే ఆ గడువు 30 సెకన్లు. చిన్న వీడియోల పని ఆలోపే అయిపోయింది. కూచిపూడి వీడియోకు చాలా నిమిషాలు పట్టడంతో సందేశం మళ్లీ బయటపడి, ఖాళీగా ఉన్న కంటైనర్ల చేతికి చిక్కింది. ఒకే పనికి మూడింతల కంప్యూట్ ఖర్చు పడింది.

కొత్త వాలంటీరు: అయితే గడువును 12 గంటలు చేసేస్తే సరిపోతుంది కదండీ? అంతవరకు పెంచవచ్చని చదివాను.

బ్యాకెండ్ చూసే వాలంటీరు: పరిమితి 12 గంటలే, ఆ మాట నిజం. కానీ మనం చవకగా దొరికే స్పాట్ యంత్రాలు వాడుతున్నాం. వాటిని రెండు నిమిషాల ముందస్తు హెచ్చరికతో వెనక్కి తీసుకోవచ్చు. అలా పని మధ్యలో ఆగిపోయిన వీడియో 12 గంటలపాటు ఎవరికీ కనిపించదు, చివరి రాత్రి అప్‌లోడ్ చేసిన తల్లిదండ్రులు తెల్లవారేదాకా ఎదురుచూడాలి. అందుకని గడువును 5 నిమిషాలుగా ఉంచి, ffmpeg నడుస్తున్నంతసేపూ ప్రతి 2 నిమిషాలకు ఈ ఆదేశంతో పొడిగిద్దాం:

```
aws sqs change-message-visibility --queue-url "$Q" \
  --receipt-handle "$R" --visibility-timeout 300
```

యంత్రం పోతున్నదన్న హెచ్చరిక అందితే, ఇదే ఆదేశంలో 300 బదులు 0 ఇస్తే వీడియో వెంటనే క్యూలోకి తిరిగి వస్తుంది. తయారైన ప్రతి S3కి చేరాకే సందేశాన్ని తొలగించాలి. ఇంత చేసినా అరుదుగా ఒక సందేశం రెండుసార్లు రావచ్చు. అవుట్‌పుట్ పేరును అప్‌లోడ్ సంఖ్యతోనే పెడితే రెండో ప్రతి మొదటిదాని మీదే పడుతుంది, నష్టం ఉండదు.

పాడైన ఫైళ్లు క్యూలో తిరుగుతూనే ఉండకుండా, పదేపదే విఫలమైన సందేశాలను పక్కన పెట్టే డెడ్ లెటర్ క్యూ కూడా పెడదాం. స్పాట్ అంతరాయాలు సైతం ప్రయత్నాల లెక్కలోకే వస్తాయి కాబట్టి, మూడుకు పరిమితం చేస్తే మంచి వీడియోలూ అందులో పడే ప్రమాదం ఉంది. అయిదు ఉంచడం మేలని నా అభిప్రాయం. కంటైనర్ 137 అనే ఎగ్జిట్ కోడ్‌తో ఆగితే మాత్రం చాలావరకు మెమరీ చాలలేదని అర్థం, అప్పుడు ఫైలును తప్పుపట్టకండి.

కోశాధికారి: ఈ మార్పిడికే ఖర్చు అవుతుంటే, వచ్చిన వీడియోను వచ్చినట్టే చూపించకూడదా? మొత్తం ఎంతవుతుందో చెబితే నేను కమిటీకి వివరించగలను.

బ్యాకెండ్ చూసే వాలంటీరు: అసలు భారం వీడియోలు బయటికి వెళ్లేటప్పుడు పడుతుందండి. నాలుగేసి నిమిషాల వీడియోలు 60 వస్తాయని, ఒక్కోదాన్ని వందమంది చూస్తారని అనుకుందాం. ఐఫోన్ 4K వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ చొప్పున 680 ఎంబీ అవుతుంది. మొత్తం 4,080 జీబీ. నెలలో మొదటి 100 జీబీ ఉచితం, ఆపైన జీబీకి 9 సెంట్ల లెక్కన దాదాపు 358 డాలర్లు. సెకనుకు 2.5 మెగాబిట్ల 720p ప్రతి 75 ఎంబీయే కాబట్టి మొత్తం 450 జీబీ, అంటే 31.50 డాలర్లు. ఈ తేడా ముందు మార్పిడి ఖర్చు స్వల్పమే.

కోశాధికారి: యూట్యూబులో అన్‌లిస్టెడ్‌గా పెడితే అదీ ఉండదు కదా.

సాంస్కృతిక విభాగం: పిల్లల వీడియోలను బయటి వేదికపై పెట్టడానికి మనం తల్లిదండ్రుల అనుమతి అడగలేదండి. పైగా నృత్యాలకు వాడిన సినిమా పాటలపై కాపీరైట్ అభ్యంతరాలు వస్తే, పోటీ మధ్యలో వీడియో ఆగిపోవచ్చు.

సాంకేతిక బృందం సమన్వయకర్త: వేదిక విషయం శుక్రవారం సమావేశానికి వదిలేద్దాం. టైమౌట్ పొడిగింపును మాత్రం ఈ రాత్రే పెట్టి, అదే కూచిపూడి వీడియోతో మళ్లీ పరీక్షిస్తాను. పని మధ్యలో కంటైనర్‌ను కావాలనే ఆపి, వీడియో ఎంతసేపట్లో ఇంకో కంటైనర్‌కు చేరుతుందో చూస్తాను. చివరి రాత్రికి స్పాట్ వద్దని, పూర్తి ధరకైనా మామూలు యంత్రాలే ఉండాలని నాకు అనిపిస్తోంది; కోశాధికారి గారు దానిపై తమ మాట చెప్పాలి.