సర్వీసెస్ వీఏపీటీ నుంచి ప్రొడక్ట్ సెక్యూరిటీకి: ఇంటర్వ్యూలో నేనెక్కడ ఆగిపోయాను?

గన్నవరం_షిఫ్ట్ | శుక్రవారం రాత్రి 11:20

నాలుగేళ్లుగా సర్వీసెస్ కంపెనీలో వీఏపీటీ చేస్తున్నాను. మొన్న ఒక ప్రొడక్ట్ కంపెనీ ఇంటర్వ్యూలో ఇలా అడిగారు: "`/api/invoices/48213/pdf`లో నంబరు మారిస్తే వేరే కస్టమర్ ఇన్‌వాయిస్ వస్తోంది. ఏం చేస్తావు?" హై సివియారిటీ పెట్టి రిపోర్టు రాస్తాను, ఫిక్స్ చేశాక రీటెస్ట్ చేసి క్లోజ్ చేస్తాను అన్నాను. "తర్వాత?" అన్నారు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. రిజెక్ట్ చేశారు. నేను కోడింగ్ నేర్చుకోవాలా, ఓఎస్సీపీ రాయాలా?

లబ్బీపేట_రాజు | 11:41

హై అన్నావు చూడు, అక్కడే పోయింది తమ్ముడూ. లాగిన్ ఉంటేనే కుదురుతుంది, చూడగలడే తప్ప మార్చలేడు. సీవీఎస్ఎస్ 3.1లో వేస్తే 6.5 వస్తుంది, అంటే మీడియం. 7 నుంచే హై. బేసిక్ లెక్క తప్పితే ఎవరు తీసుకుంటారు? ఓఎస్సీపీ రాయి. 23 గంటల 45 నిమిషాలు కూర్చుని మెషీన్లు బద్దలుకొట్టినవాణ్ని ఎవరూ తీసిపారేయరు.

కొత్తపేట_గుంటూరు | 11:50

నంబరు బదులు యూయూఐడీ పెడితే సరిపోతుంది కదా. ఎవరూ ఊహించలేరు.

బ్రాడీపేట_4వ_లైను | శనివారం ఉదయం 7:15

రాజు గారూ, 6.5 లెక్క కరెక్టే. కానీ వాళ్లు అడిగింది స్కోరు కాదు. ఏడేళ్లుగా ప్రొడక్ట్ సెక్యూరిటీలో ఉన్నాను, ఇలాంటి ఇంటర్వ్యూలు నేనూ చేస్తాను. అంతకుముందు ఐదేళ్లు సర్వీసెస్‌లోనే చేశాను. ఆ "తర్వాత" ఏమిటో ఈ ఒక్క బగ్ పట్టుకునే చెబుతాను.

ముందు కోడ్ తెరవాలి. చాలాసార్లు ఇలా ఉంటుంది:

```python
invoice = Invoice.objects.get(id=invoice_id)
```

మనిషి లాగిన్ అయ్యాడా అని పైన ఎక్కడో చూసి ఉంటారు. ఈ ఇన్‌వాయిస్ ఇతనిదేనా అని మాత్రం ఎవరూ చూడలేదు. దాన్ని ఇలా మార్చాలి:

```python
invoice = get_object_or_404(
    Invoice, id=invoice_id, account=request.user.account)
```

వేరేవాళ్లదైతే ఇప్పుడు 404 వస్తుంది. 403 ఇస్తే ఆ నంబరుతో ఇన్‌వాయిస్ ఉందని మనమే చెప్పినట్టవుతుంది.

తమ్ముడూ, నీ రీటెస్ట్ ఇక్కడితో పాస్ అవుతుంది. మాకు అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మనకంటే ముందే ఎవరైనా ఈ దారిన వచ్చి వెళ్లారా? యాక్సెస్ లాగ్‌లో ఒకే లాగిన్ గంటలో వందల నంబర్లు వరసగా లాగి ఉంటే వెంటనే కనిపిస్తుంది. రోజుకు రెండు చొప్పున నెమ్మదిగా తీసుకున్నవాడు అలా దొరకడు. అందుకే లాగ్‌లో ప్రతి లైనుకూ ఆ ఇన్‌వాయిస్ అసలు ఓనరు అకౌంటును జతచేసి, చూసినవాడి అకౌంటు వేరై ఉండి జవాబు 200 వచ్చిన లైన్లు తీయాలి. లాగ్‌లో యూజర్ ఐడీ రాయకపోతే ఈ వెతుకులాటే కుదరదు, ఆ సంగతి అప్పుడే బయటపడుతుంది. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, డేటా బయటికి పోయిందని గుర్తిస్తే 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. అందుకే స్కోరు 6.5 అని ఉన్నా ఆ ఫలితం వచ్చేదాకా మేం లేవం.

ఆ తర్వాత, ఇదే లైను ఇంకెన్ని చోట్ల ఉంది? మా దగ్గర ఒకసారి వెతికితే 70 చోట్ల దొరికింది. ఎక్కువ భాగం రాష్ట్రాల జాబితా, ట్యాక్స్ రేట్లు లాంటివి, ఎవరు చూసినా నష్టం లేదు. 9 చోట్ల మాత్రం నిజంగా లీకే. బయటి నుంచి వచ్చిన పెన్‌టెస్ట్ రిపోర్టులో ఉన్నది ఒక్కటే. స్కానర్‌ను అని లాభం లేదు, దానికి 200, మంచి పీడీఎఫ్ కనిపిస్తాయి. ఆ పీడీఎఫ్ ఎవరిదో దానికి తెలియదు.

కొత్తపేట గారూ, యూయూఐడీ ఊహించడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఆ లింకు మెయిల్లో ఫార్వర్డ్ అవుతుంది, బ్రౌజర్ హిస్టరీలో ఉంటుంది. ఉద్యోగం మానేసిన అకౌంటెంట్ దగ్గరా ఉంటుంది. తాళం వేయకుండా ఇంటి నంబరు దాస్తే సరిపోదు.

కృష్ణలంక_కట్ట | 8:02

ఇవన్నీ సరే, ముందు నోటీస్ పీరియడ్ గురించి మాట్లాడండి. నాకు పోయినేడు ఇలాంటి రోల్‌కే ఆఫర్ వచ్చింది. మా కంపెనీ 90 రోజుల్లో ఒక్క రోజు కూడా తగ్గించలేదు. 60వ రోజున అవతలివాళ్లు ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. అప్పటికే ఇంట్లో అందరికీ చెప్పేశాను. ఈ కోడ్ నాకూ వచ్చు, ఏం లాభం?

చుట్టుగుంట_జావా | 8:30

ఆరేళ్లుగా సర్వీసెస్‌లో అప్లికేషన్ సపోర్ట్ డెవలపర్‌ని. మీరు చెప్పింది చూస్తే ఈ పని వీఏపీటీ వాళ్లకంటే మాలాంటి డెవలపర్లకే సులువేమో. అకౌంట్ ఫిల్టర్ అన్ని చోట్లా పెట్టేస్తాను, అయిపోతుంది.

బ్రాడీపేట_4వ_లైను | 9:10

కోడ్ చదవడంలో మీరు ముందుంటారు, నిజమే. కానీ "అయిపోతుంది" అన్నారు చూశారా, అక్కడ ఒక్క నిమిషం ఆగండి. గుంటూరు మిర్చి యార్డులో 40 షాపులకు లెక్కలు చూసే సీఏ ఒకాయన ఉన్నాడనుకోండి. ఆయనకు ఒకే లాగిన్, 40 అకౌంట్లు. మీ ఫిల్టర్ పెట్టిన మర్నాడు ఆయనకు 39 షాపుల ఇన్‌వాయిస్‌లు 404. ఆయన ఫోన్ చేస్తాడు, సపోర్ట్ వాళ్లు మీ ఫిల్టర్ తీయించేస్తారు. బగ్ మళ్లీ తెరుచుకుంటుంది, ఈసారి దానికి మేనేజర్ అనుమతి కూడా ఉంటుంది.

కాబట్టి ఎవరి ఇన్‌వాయిస్ ఎవరు చూడొచ్చన్నది ముందు ప్రొడక్ట్ మేనేజర్‌తో కూర్చుని రాసుకోవాలి. సీఏ ఒక షాపు పని వదిలేస్తే ఆ రోజే చూపు ఆగాలా? పాత సంవత్సరాలవి ఉంచాలా? ఆ నియమాన్ని ఒకే ఫంక్షన్‌లో పెట్టి అందరూ దాన్నే పిలిచేలా చేయాలి. నేరుగా `objects.get(id=` రాస్తే పట్టుకునే సెమ్‌గ్రెప్ రూల్ ఒకటి సీఐలో పెట్టాలి. మొదటి నెల హెచ్చరికగానే ఉంచండి. అనవసరపు అలారాలు తగ్గకముందే బిల్డ్ ఆపితే డెవలపర్లు రూల్‌ను పక్కకు తప్పించే కామెంట్ రాయడం నేర్చుకుంటారు. దానితోపాటు ఒక టెస్ట్ కావాలి: ఎ కస్టమర్ టోకెన్‌తో బి ఇన్‌వాయిస్ అడిగితే 404 రావాలి. అర్ధరాత్రి నడిచే బ్యాచ్ జాబ్‌లకు లాగిన్ యూజరే ఉండడు, వాటిని విడిగా చూసుకోవాలి. అక్కడ మాకు ఇప్పటికీ పూర్తి పరిష్కారం లేదు.

సర్వీసెస్ నుంచి వచ్చేవాళ్లతో ఇబ్బంది ఇదే. రిపోర్టు పంపాక ఆలోచించడం మానేస్తారు. ఆ అలవాటు పోవాలి.

తాడేపల్లి_గట్టు | 10:25

ఆలోచించడం మానేస్తామా? మూడేళ్ల క్రితం ఒక బ్యాంకింగ్ క్లయింట్‌కు టెస్ట్ చేస్తూ సరిగ్గా ఇలాంటి బగ్ పట్టాను. పక్కనే ఉన్న నాలుగు ఏపీఐలు కూడా అలాగే ఉంటాయని అనుమానం వచ్చి, కోడ్ చూపిస్తే సాయం చేస్తానని క్లయింట్ డెవలపర్‌కు మెయిల్ పెట్టాను. మా మేనేజర్ సాయంత్రం గదిలోకి పిలిచాడు. "స్కోప్‌లో 12 ఏపీఐలు ఉన్నాయి. 13వది ముట్టుకుంటే ఆ గంటలకు బిల్లు ఎవరు కడతారు? క్లయింట్‌కు నేరుగా ఎందుకు రాశావు?" అన్నాడు. ఆ ఏడాది రేటింగ్ తగ్గింది. మైండ్‌సెట్ లేక కాదండీ, రానివ్వలేదు.

బ్రాడీపేట_4వ_లైను | 10:40

స్కోప్ అనేది చాలామంది చెప్పే సాకే. అడగాల్సినవాళ్లను అడిగి ఉండాల్సింది.

తాడేపల్లి_గట్టు | 10:52

సాకా? అనుమతి లేకుండా స్కోప్ దాటి టెస్ట్ చేస్తే చట్టప్రకారం తప్పు, మీకు తెలియదా? అడిగినందుకే నాకు దెబ్బ తగిలింది. ఇక అసలు మాట నేనే అంటాను. మీలాంటి కంపెనీల ప్రకటనల్లో "ప్రొడక్ట్ కంపెనీ అనుభవం ఉన్నవారే" అని రాస్తారు. లోపలికి రానివ్వరు, లోపల ఉంటేనే వచ్చే అలవాటు మాలో లేదంటారు. ఇంటర్వ్యూదాకా వచ్చిన ఈ తమ్ముడు అదృష్టవంతుడు. నా రెజ్యూమె ఎవరూ తెరవను కూడా తెరవలేదు.

లబ్బీపేట_రాజు | 10:58

అందుకే సర్టిఫికెట్ అంటున్నాను. రెజ్యూమె తెరిపించేది అదే.

బ్రాడీపేట_4వ_లైను | మధ్యాహ్నం 1:35

అమ్మా, సాకు అన్నది తప్పు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. అనుమతి విషయంలో మీరన్నదే నిజం. ఆ ప్రకటనలో ఆ లైను పెట్టింది నేనే, రెండేళ్ల క్రితం. దరఖాస్తులు తగ్గుతాయని పెట్టాను. తీసేయమని సోమవారం హెచ్‌ఆర్‌కు చెబుతాను, వాళ్లు వింటారని మాట ఇవ్వలేను.

ఒక్కచోట మాత్రం మీతో ఏకీభవించను. క్లయింట్ కోడ్ చూపించకపోయినా ఈ పని నేర్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్‌లో ఇన్‌వాయిస్‌ల అప్లికేషన్ ఒకటి మీ లాప్‌టాప్‌లోనే నడిపి, రెండు అకౌంట్లు తెరిచి, ఒకదాని టోకెన్‌తో రెండోదాని ప్రతి ఐడీనీ అడిగి చూడండి. దొరికితే బయటపెట్టకుండా వాళ్లకు ప్రైవేటుగా రాసి, ఫిక్స్, టెస్ట్ రెండూ పంపండి. ఇంటర్వ్యూలో ఎవరైనా అది చూపిస్తే నేను ఓఎస్సీపీ అడగను. రాజు గారూ, ఆ పరీక్ష కష్టమైనదే, కాదనను. కానీ అది మెషీన్‌లోకి ఎలా దూరాలో నేర్పుతుంది. 70 చోట్లలో ఆ 9 ఏవో తేల్చడం నేర్పదు.

తాడేపల్లి_గట్టు | 2:10

రాత్రి షిఫ్ట్ అయ్యాక, పిల్లను స్కూలుకు పంపాక ఇది చేయాలి. చేస్తాను. కానీ మీ డెవలపర్లు ఇదే పని జీతం తీసుకుంటూ నేర్చుకుంటారని కూడా గుర్తుంచుకోండి.

గన్నవరం_షిఫ్ట్ | రాత్రి 9:30

మీ మాటలు చదివి నా పాత రిపోర్టులు తీశాను. ఒకే క్లయింట్‌కు రెండేళ్లలో ఇదే బగ్ మూడుసార్లు రాశాను: ఒకసారి ఇన్‌వాయిస్‌లో, ఒకసారి రిటర్న్‌లలో, ఒకసారి డెలివరీ చలానాలో. మూడూ నేనే రీటెస్ట్ చేసి క్లోజ్ కొట్టాను. ఈ మూడూ ఒకటేనని ఏ రిపోర్టులోనూ రాయలేదు. అది రాయడానికి స్కోప్ దాటక్కర్లేదు, కోడూ అక్కర్లేదు.

బుధవారం క్లయింట్ కాల్ ఉంది. ముందు మా మేనేజర్‌ను అడిగి, మూడింటినీ ఒకే పేజీలో పెట్టి చూపిస్తాను. అక్కా, మేనేజర్ దగ్గర ఈ మాట ఎలా మొదలుపెట్టాలో చెప్తారా?

తాడేపల్లి_గట్టు | 9:48

మెయిల్ పెట్టకు. టీ టైములో నోటితో అడుగు. "మూడోసారి వచ్చింది, నాలుగోసారి వస్తే క్లయింట్ మనల్నే అడుగుతాడు" అని మొదలుపెట్టు. నేను ఆ రోజు అలా అడగలేదు.